జులై 10 దాకా చందాదారే

నెలకు 149 రూపాయలు తీసుకునే ఒక కథల యాప్ ఉందనుకుందాం. జూన్ 10 ఉదయం 10 గంటల 20 నిమిషాలకు ఒకావిడ డబ్బు కట్టి చేరింది. 18వ తేదీన ‘చందా రద్దు’ నొక్కింది. ఆమె కోరిందల్లా ఇకమీదట తన ఖాతాలోంచి డబ్బు పోకూడదనే. జులై 10 దాకా చదువుకోవడానికి ముందే కట్టేసింది కదా! నొక్కిన మరుక్షణం కథలన్నిటికీ తాళం పడితే, ఇరవై రెండు రోజుల సొమ్ము మింగినట్టే.

ఇలా జరగడానికి దురుద్దేశమే ఉండనక్కర్లేదు. చాలామంది ప్రోగ్రామర్లు డేటాబేసులో `status` అనే ఒక్క గడి పెట్టి, అందులో `active` అనో `cancelled` అనో రాసి ఊరుకుంటారు. వచ్చే నెల డబ్బు తీసుకోవాలా, ఇవాళ చదవనివ్వాలా అనే రెండు ప్రశ్నలకూ ఆ ఒక్క మాటే జవాబు చెప్పాల్సి వస్తుంది. జూన్ 18న మొదటిదానికి జవాబు ‘వద్దు’, రెండోదానికి ‘అవును’. కాబట్టి గడులు రెండుండాలి:

```
renews:        false
access_until:  2026-07-10T18:30:00Z
```

కథ తెరిచిన ప్రతిసారీ సర్వర్ రెండో గడిని మాత్రమే చూస్తుంది. ఆ సమయం ఇంకా దాటకపోతే చదవనిస్తుంది. గడువు తీరినవాళ్లను ఏరి తీసేసే ప్రోగ్రాం ఏదీ రాత్రిళ్లు నడపనక్కర్లేదు. అది ఎప్పుడైనా ఆగిపోతుందన్న బెంగా ఉండదు. అయితే డబ్బు వసూలు చేసే గేట్‌వేకి కూడా ఈ సంగతి చెప్పాలి. స్ట్రైప్‌లో `cancel_at_period_end`, రేజర్‌పేలో `cancel_at_cycle_end` ఉన్నది ఇందుకే.

పైన కనిపించే 18:30 సర్వర్ల గడియారం, అంటే యూటీసీ. మనకు అది అర్ధరాత్రి 12. ఆవిడ చేరింది ఉదయం 10:20కి కాబట్టి, లెక్క ప్రకారం నెల నిండేదీ ఆ వేళకే. కానీ తెర మీద ‘జులై 10 వరకు’ అని చూసినవాళ్లు ఆ రాత్రి పడుకునే ముందు ఒక కథ చదువుకోవచ్చనే అనుకుంటారు. ఆ పదమూడు గంటల 40 నిమిషాలు వదిలేస్తే యాప్‌కి పోయేదేమీ లేదు, ఫిర్యాదులు మాత్రం తగ్గుతాయి.

ఇక రీఫండ్. ఆవిడ రద్దు చేయడం మరిచిపోయిందనీ, జులై 10న మళ్లీ 149 కోత పడిందనీ, 12న చూసుకుని డబ్బు వెనక్కి అడిగిందనీ అనుకుందాం. యాప్ సిబ్బంది మొత్తం తిరిగిచ్చేశారు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటొకటి ఉంది: డబ్బు వెనక్కి పంపినంత మాత్రాన గేట్‌వే చందాను ఆపదు. ఆగస్టు 10న మళ్లీ కోత పడుతుంది, ఈసారి ఆవిడ కోపంతో ఫోన్ చేస్తుంది. మొత్తం రీఫండ్ ఇస్తే గేట్‌వేలోనూ చందాను రద్దు చేసి `renews` ఆపాలి, `access_until`ను ఆ క్షణానికి జరపాలి. యాప్ రెండు రోజులు పనిచేయలేదని 60 రూపాయలు తిరిగిస్తే మాత్రం రెండు గడులనూ ముట్టుకోకూడదు.

ఆ 60తో ఇంకో చిక్కు. నెట్ నెమ్మదించి సిబ్బంది రెండుసార్లు నొక్కితే 120 వెళ్లిపోతుంది. 149 దాటలేదు గనక గేట్‌వే అడ్డు చెప్పదు. అందుకే ప్రతి రీఫండ్ కోరికకూ ఒక గుర్తు సంఖ్య జతచేసి పంపాలి. అదే సంఖ్యతో రెండోసారి వస్తే గేట్‌వే దాన్ని కొత్త కోరికగా లెక్కించదు.

రద్దు చేసిన మనిషి జూన్ 25న మనసు మార్చుకుందనుకోండి. అప్పుడు `renews`ను మళ్లీ `true` చేసి, గేట్‌వేకి చెప్పిన రద్దును కూడా వెనక్కి తీసుకోవాలి. ఆ రోజు పైసా తీసుకోకూడదు, తర్వాతి కోత జులై 10నే. జులై 20న తిరిగొస్తే అది కొత్త చందా, ఆ రోజే 149, ఇకపై నెల మొదలయ్యేదీ 20నే. ఆమె దాచుకున్న కథలూ, ఎక్కడిదాకా చదివిందన్న గుర్తులూ పాత చందాకి కాక ఆమె ఖాతాకి కట్టి ఉంటేనే అవి అప్పటికీ కనిపిస్తాయి.

మన దేశంలో దీనికి ఇంకో మెలిక ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆటోమేటిక్ కోతకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు కబురు పంపాలి. అది చూసి చాలామంది యాప్ తెరవకుండా, నేరుగా యూపీఐలోకి వెళ్లి ఆటోపే మ్యాండేట్‌ను తీసేస్తారు. గేట్‌వే నుంచి ఆ సమాచారం రాగానే దాన్నీ రద్దుగానే లెక్కించి `renews`ను `false` చేయాలి. అలాంటివాళ్లు గడువులోపు తిరిగొస్తే ఒక్క గడి మార్చి ‘మీ చందా కొనసాగుతుంది’ అని చూపించడం అబద్ధం. మ్యాండేట్ లేదు కాబట్టి జులై 10న కోత పడదు. ముందు కొత్త మ్యాండేట్‌కు ఆమోదం తీసుకుని, మొదటి కోత తేదీ జులై 10గా పెట్టి, ఆ ఆమోదం వచ్చాకే `renews` మార్చాలి.