సీసాలైతే సంబొన్, గ్లాసులైతే సంబై

జపనీస్ మొదటి మెట్టు పాఠాల్లో ఒక అభ్యాసం తప్పకుండా ఉంటుంది. పేజీ నిండా బొమ్మలు, ప్రతి బొమ్మ పక్కన ఖాళీ. మూడు బీరు సీసాలు, రెండు చొక్కాలు, ఆరు పిల్లులు, ఎనిమిది పుస్తకాలు, నలుగురు పిల్లలు. ఎన్ని ఉన్నాయో రాయమంటారు. అంకెలన్నీ వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. ఎందుకంటే జపనీస్‌లో అంకె ఒంటరిగా వస్తువును లెక్కపెట్టదు. దాని వెనక ఇంకో చిన్న మాట రావాలి. వస్తువు ఏ కోవకు చెందుతుందో ఆ మాట చెబుతుంది. దాన్ని లెక్కపదం అనుకుందాం.

తెలుగువాళ్లకు ఇది బొత్తిగా కొత్త సంగతేమీ కాదు. చొక్కాలైతే రెండు, పిల్లలైతే ఇద్దరు అంటాం. ‘మూడు పిల్లలు’ అని ఎవరన్నా అంటే చెవికి గుచ్చుకుంటుంది. మనం మనుషులకు మాత్రమే పాటించే ఈ తేడాను జపనీస్ దాదాపు ప్రతి వస్తువుకూ పాటిస్తుంది.

పొడవుగా, సన్నగా ఉండేవాటికి హొన్. పెన్సిల్, గొడుగు, చెట్టు, టై, అరటిపండు, సీసా అన్నీ ఇందులోకే వస్తాయి. పలచగా, బల్లపరుపుగా ఉండే కాగితానికి, పళ్లేనికి, చొక్కాకు మై. పిల్లి, కుక్క, చేప లాంటి చిన్న జంతువులకు హికి. ఆవు, గుర్రం లాంటి పెద్దవాటికి తో. పుస్తకాలకు సత్సు, గిన్నెలోనో గ్లాసులోనో నింపినదానికి హై, మనుషులకు నిన్. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి కానీ, మొదటి మెట్టు అభ్యాసాల్లో ఎక్కువగా తిరిగేవి ఇవే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పేరు చూసి లెక్కపదం ఎంచుకోవడం. చూడాల్సింది బొమ్మను. బీరు అన్నంత మాత్రాన లెక్కపదం తేలదు. సీసాల్లో ఉంటే హొన్, గ్లాసుల్లో పోసి ఉంటే హై. గోడకు అంటించిన పోస్టర్ మై, దాన్నే చుట్టి పట్టుకుంటే హొన్. నోటు పుస్తకం సన్నగా, బల్లపరుపుగా ఉంది కదా అని మై రాస్తే తప్పు. కాగితాలను కలిపి కుట్టాక అది సత్సు. ప్రశ్నలోనే జవాబు దాగి ఉండే సందర్భాలూ ఉంటాయి. ‘నన్‌బొన్’ అని అడిగితే హొన్‌తోనూ, ‘నన్‌మై’ అని అడిగితే మైతోనూ జవాబు చెప్పాలి. ‘ఇకుత్సు’ అని అడిగినప్పుడే కాస్త ఆలోచించుకోవాలి.

కోవ సరిగ్గా పట్టుకున్నా పని సగమే అయినట్టు. అంకె, లెక్కపదం కలిసినచోట ధ్వని మారుతుంది. హొన్‌నే తీసుకోండి. ఒకటి నుంచి పది వరకు ఇప్పొన్, నిహొన్, సంబొన్, యొన్‌హొన్, గొహొన్, రొప్పొన్, ననహొన్, హప్పొన్, క్యూహొన్, జుప్పొన్. ఒకే మాట హొన్, పొన్, బొన్ అని మూడు వేషాలు వేస్తోంది. చాలామంది దీన్ని ఎక్కంలా బట్టీ పడతారు. కారణం తెలిస్తే అంత కష్టపడక్కర్లేదు.

జపనీస్‌లో ఇప్పుడు హ అని పలికే వరుస పూర్వం ప అని పలికేది. ఇచి, రొకు, హచి, జూ అనే అంకెలు చైనా నుంచి వచ్చినవి. అక్కడ వాటి చివర త, క, ప లాంటి హల్లు ఉండేది. ఆ హల్లు వెనకొచ్చిన పకారంతో కలిసి ద్విత్వమైంది. ద్విత్వంలో చిక్కుకోవడంతో పాత ప అలాగే నిలిచిపోయింది. అందుకే 1, 6, 8, 10 దగ్గర ‘ప్పొన్’. మూడు అంటే సన్. దాని చివర అనునాసికం ఉంది కాబట్టి ప మెత్తబడి బ అయింది. బడిలో సరళాదేశ సంధి చదువుకున్నవాళ్లకు ఇది పాత పరిచయమే. ద్రుతం తర్వాత ప వస్తే బ అవుతుందని మన వ్యాకరణమూ చెబుతుంది. మరి యొన్ చివర కూడా నకారం ఉందిగా, యొంబొన్ ఎందుకు కాలేదు? యొన్, నన అనేవి చైనా అంకెలు కావు, జపాన్ సొంత మాటలు. ఆ పాత సంధి వాటి దగ్గర జరగలేదు.

ఈ వివరం పెట్టుకుని మొదటి బొమ్మల పేజీకి వద్దాం. మూడు సీసాలు సంబొన్. రెండు చొక్కాలు నిమై. మై ముందు ఏ అంకె వచ్చినా ధ్వని మారదు, అదొక హాయి. ఆరు పిల్లులు రొప్పికి. హికి కూడా హ వరుసదే కనుక హొన్ దారిలోనే నడుస్తుంది. ఎనిమిది పుస్తకాలు హస్సత్సు. ఇక్కడ మాత్రం జాగ్రత్తగా ఉండాలి. సకారం ముందు 1, 8, 10 దగ్గరే ద్విత్వం వస్తుంది, ఆరు దగ్గర రాదు. కాబట్టి ఆరు పుస్తకాలు రొకుసత్సు. మూడు కూడా సన్‌సత్సుగానే ఉండిపోతుంది. నలుగురు పిల్లలు యొనిన్. అలవాటుకొద్దీ యొన్‌నిన్ అని రాసి మార్కు పోగొట్టుకునేది ఇక్కడే.

తరవాత, దీన్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలన్నది. ‘ఎంపిత్సు ఒ సంబొన్ కుదసై’ అంటే పెన్సిళ్లు మూడు ఇవ్వండి అని. వస్తువు, దాని వెనక ‘ఒ’ ప్రత్యయం, ఆ తర్వాతే లెక్క. అంగట్లో మనం ‘నిమ్మకాయలు నాలుగు ఇవ్వండి’ అనే వరస ఇదే కాబట్టి తెలుగులో ఆలోచించి రాసినవాళ్లకు ఇది తేలిగ్గానే కుదురుతుంది. ఇంగ్లిషు మీదుగా వచ్చినవాళ్లు అంకెను ముందు పెట్టి ‘సంబొన్ ఎంపిత్సు’ అని రాస్తారు. అది తప్పు. అంకె ముందుకే రావాలంటే మధ్యలో ‘నొ’ చేర్చి ‘సంబొన్ నొ ఎంపిత్సు’ అనాలి.

ఏ కోవో తోచనప్పుడు హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు అనే సాదా వరుస ఉంది. హోటల్లో కాఫీ రెండు చెప్పడానికి జపాన్‌వాళ్లే దీన్ని వాడతారు. అయితే దీనికి హద్దులున్నాయి. పది వరకే వెళుతుంది, మనుషులకూ జంతువులకూ పనికిరాదు. పైగా హొన్ రాయమని బొమ్మ అడుగుతుంటే ఇది రాసి తప్పించుకోవడం పరీక్షలో కుదరదు.

హొన్ కోవలోకి కళ్లకు పొడవుగా కనిపించనివి కూడా చేరాయి. ఫోన్ కాల్, సినిమా, బేస్‌బాల్‌లో కొట్టిన హిట్ కూడా హొన్‌లే. ఒక మాట ఇన్నిటిని ఎలా కలుపుతుందో అమెరికన్ భాషాశాస్త్రవేత్త జార్జ్ లేకాఫ్ 1987లో వచ్చిన తన పుస్తకంలో పరిశీలించాడు. సినిమా రీలు పొడవైనది, బంతి గీసిన దారి పొడవైనది, ఫోన్ తీగ పొడవైనది. అలా ఒక్కొక్కటీ ఏదో సాకుతో లోపలికొచ్చింది. మొదటి మెట్టువాళ్లకు వీటితో పెద్దగా పనిలేదు కానీ, ‘పొడవు’ అన్నమాటను మరీ పట్టుకుని వేలాడకూడదని మాత్రం తెలుస్తుంది.

పది దాటాక ఒకట్ల స్థానంలోని అంకెనే చూసుకోవాలి. పదకొండు సీసాలు జూఇప్పొన్, పదమూడు జూసంబొన్, ఇరవై నిజుప్పొన్. మనుషుల లెక్కలో మాత్రం ఈ సూత్రం తిరగబడుతుంది. ఒకరు హితొరి, ఇద్దరు ఫుతరి, ముగ్గురు సన్నిన్. కానీ పదకొండుమంది జూఇచినిన్, పన్నెండుమంది జూనినిన్. హితొరి, ఫుతరి మళ్లీ అక్కడ రావు. పద్నాలుగు దగ్గర యొనిన్ తిరిగొస్తుంది, జూయొనిన్ అని.