నెలకు రూ.2,500 మిగులు... ఎవరికి?

సోలార్ డీలర్ల ప్రకటనల్లో తరచూ కనిపించే మాట: ‘3 కిలోవాట్లు పెట్టించండి, నెలకు రూ.2,500 ఆదా!’ ఇది అబద్ధమని తోసేయలేం, అలాగని ప్రతి ఇంటికీ వర్తించదు.

మన ఎండలకు ఒక కిలోవాటు ప్యానెల్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. వానాకాలం, దుమ్ము, పక్కింటి నీడ కలిపి చూస్తే 3 కిలోవాట్లకు ఏడాది సగటున నెలకు 330 యూనిట్లు అనుకుందాం. యూనిట్ల దాకా చెప్పడం తేలికే. వాటిని రూపాయల్లోకి మార్చేటప్పుడే తేడా వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 గృహ టారిఫ్‌నే తీసుకోండి. మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, తర్వాత 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు చార్జీ సుమారు రూ.2,548 అవుతుంది. నెట్ మీటరింగ్‌లో 330 యూనిట్లు పోగా మిగిలిన 70కి రూ.177. అంటే రూ.2,371 మిగిలినట్టే. ఖరీదైన పై శ్లాబులు ముందు తగ్గడమే ఇందుకు కారణం. అదే ప్యానెల్‌ను 200 యూనిట్లే వాడే ఇంటి మీద పెడితే? ఆ ఇంటి చార్జీ మొత్తం రూ.867. అంతకు మించి మిగలడానికి అక్కడ బిల్లే లేదు! గ్రిడ్‌లోకి వెళ్లిన అదనపు యూనిట్లకు డిస్కం ఇచ్చేది పై శ్లాబు ధర కాదు. ఫిక్స్‌డ్ చార్జీలు ఎలాగూ వస్తాయి కాబట్టి ‘బిల్లు సున్నా’ అనకపోవడమే మేలు.

‘రూ.78,000 తగ్గింపు’ అన్నదీ అంతే. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు ఆ రాయితీ నిజమే. కానీ అది ప్యానెళ్లు బిగించి, మీటరు మార్చాక కొనుగోలుదారు ఖాతాలో పడుతుంది. ముందు కట్టాల్సింది పూర్తి ధరే.

ఇక ‘25 ఏళ్ల గ్యారంటీ’. అది ప్యానెల్ ఉత్పత్తి ఫలానా శాతం కంటే తగ్గదని తయారీదారు ఇచ్చే హామీ. అది ఆదాకు హామీ కాదు, ఇన్వర్టరుకూ కాదు. ఇన్వర్టరు వారంటీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లే.

నేనైతే ఇలా రాస్తాను: ‘3 కిలోవాట్లకు నెలకు సగటున సుమారు 330 యూనిట్లు. 400 యూనిట్లు వాడే ఇంటికి 2022-23 టారిఫ్ ప్రకారం దాదాపు రూ.2,300 ఆదా, తక్కువ వాడితే ఆదా తక్కువ. ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. బ్యాటరీ లేకుంటే కరెంటు పోయినప్పుడు సోలారూ పనిచేయదు. మీ ఏడాది బిల్లులు తీసుకురండి, మీ ఇంటికెంతో లెక్కవేసి చెబుతాం.’