నలభైలో ముప్ఫై రెండు

“ఓనర్‌షిప్ పెరగాలి. కమ్యూనికేషన్ మెరుగుపడాలి. ఎవరూ చెప్పకముందే పని అందుకోవాలి.” హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ‘పిప్’ అని పిలుచుకునే కాగితాల్లో ఇలాంటి వాక్యాలు తరచూ కనిపిస్తాయి. దాని పూర్తి పేరు పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్. పని సరిగా సాగని ఉద్యోగికి మామూలుగా 30, 60 లేదా 90 రోజుల గడువిచ్చి, ఆలోగా ఏం మారాలో రాసిచ్చే పత్రమిది. పై మూడు వాక్యాలూ చదువుకున్న మనిషి సోమవారం పొద్దున ఆఫీసుకొచ్చి ఏం చేయాలి? రెండు నెలలయ్యాక ఓనర్‌షిప్ పెరిగిందని ఎవరు తేలుస్తారు? మేనేజర్‌కి అనిపిస్తే పెరిగినట్టు, లేకపోతే లేనట్టు. పిప్ అంటే బయటికి పంపే ముందు జరిపే తతంగమని ఉద్యోగులు అనుకోవడంలో వింతేమీ లేదు.

అదే కాగితాన్ని సరిగ్గా ఎలా రాయవచ్చో ఒక ఉదాహరణతో చూద్దాం. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సపోర్ట్ టీమ్ ఉందనుకోండి. కస్టమర్లు పంపే ఫిర్యాదులు టికెట్లుగా వస్తాయి. ఒక్కోదాన్ని ఇన్ని గంటల్లో పరిష్కరించాలన్న ఒప్పందం ఉంటుంది. టీమ్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్న ఒక ఇంజనీరుకి గత ఎనిమిది వారాల్లో 80 టికెట్లు వచ్చాయి. వాటిలో గడువులోపు ముగిసినవి 52, అంటే నూటికి 65. టీమ్ సగటు 85. పైగా ‘అయిపోయింది’ అని ఆయన మూసేసిన వాటిలో 12 వారం తిరక్కుండానే మళ్లీ తెరుచుకున్నాయి.

ఇక్కడ తొందరపడి ప్లాన్ రాయకూడదు. ఆలస్యమైన 28 టికెట్లనూ ముందు ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. రెండు మూడు గంటల పని, మేనేజర్లు ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే. మన ఉదాహరణలో అలా చూస్తే 19 టికెట్లు డేటాబేస్‌కి సంబంధించినవని తేలింది. నాలుగు నెలల కిందట ఒకరు ఉద్యోగం మానేస్తే ఆ పని ఈయనకి అప్పగించారు. శిక్షణ ఇవ్వలేదు, లాగ్ ఫైళ్లు చూసే అనుమతి కూడా ఇప్పించలేదు. ప్రతిసారీ ఇంకొకరిని అడిగి తెప్పించుకోవాలి. మిగిలిన తొమ్మిదింటికి ఏ సాకూ లేదు, ఆయన పట్టించుకోలేదంతే. అంటే లోపం రెండు వైపులా ఉంది. కాగితంలో రెండూ రాయాలి.

ఇప్పుడు లక్ష్యం. సగటు 85 కాబట్టి 85 పెడదామనిపిస్తుంది, కొందరు ఏకంగా 95 పెడతారు. ఏ టీమ్‌లోనైనా కొందరు సగటుకి కింద ఉండక తప్పదు. వాళ్లెవరికీ పిప్ లేనప్పుడు ఈయన ఒక్కడినే సగటు దాటమనడం న్యాయం కాదు. అడగవలసింది ఆ ఉద్యోగానికి సరిపోయే కనీస స్థాయి. ఇక్కడ అది 80 అనుకుందాం. 60 రోజుల ప్లాన్‌లో మొదటి నాలుగు వారాలు నేర్చుకునే కాలం. అప్పటికి 40 టికెట్లలో 28 గడువులోపు ముగిస్తే దారిలో ఉన్నట్టే. తర్వాతి నాలుగు వారాల్లో 40కి 32 ముగించాలి. కస్టమర్ జవాబు కోసం ఆగిన సమయాన్ని లెక్కలోంచి తీసేయాలి, అది ఆయన చేతిలో లేదు.

ఈ ఒక్క అంకెతో వదిలేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. గడువు దగ్గరపడగానే పని సగంలో ఉన్నా టికెట్ మూసేస్తారు. అందుకే జంటగా రెండో లక్ష్యం కావాలి: చివరి నాలుగు వారాల్లో మూసిన 40లో మళ్లీ తెరుచుకునేవి నాలుగుకి మించకూడదు. లక్ష్యాలు ఈ రెండే. ఎనిమిదో తొమ్మిదో పెట్టిన ప్లాన్లు నేను చూశాను. ఏదో ఒకదాంట్లో తప్పడం ఖాయం కాబట్టి అవి అందుకే పెట్టారేమో అనిపిస్తుంది.

సాయం దగ్గరికొస్తే ‘అవసరమైన సహకారం అందించబడును’ అన్న వాక్యం ఎందుకూ పనికిరాదు. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు అన్నది రాయాలి. డేటాబేస్ తెలిసిన సీనియర్ పేరు కాగితంలో ఉండాలి. మొదటి నాలుగు వారాలు మంగళ, గురువారాల్లో గంటసేపు ఆయన పక్కన కూర్చోవాలి. ఆ గంటను సీనియర్ సొంత పనిలోంచి తగ్గించకపోతే రెండో వారానికే కూర్చోవడం ఆగిపోతుంది. లాగ్‌లు చూసే అనుమతి మూడు రోజుల్లో మేనేజరే ఇప్పించాలి. వారానికి పదికి మించి టికెట్లు ఇవ్వకూడదు. వీటికింద ఇంకో వాక్యం ఉండాలి: చెప్పిన సాయం అందని వారాలను లెక్కలోకి తీసుకోకుండా గడువును అంతమేరకు పొడిగిస్తాం. మేనేజర్ సంతకం నిజంగా బరువెక్కేది ఈ వాక్యంతోనే. హెచ్ఆర్ వాళ్లు దీన్ని కొట్టేయమనవచ్చు, ఉంచమని పట్టుబట్టడం మంచిది.

సమీక్షలకు ‘తరచూ కలుద్దాం’ అని కాకుండా తేదీలు వేయాలి. ప్రతి శుక్రవారం మూడు గంటలకి అరగంట, తేదీలతో సహా కాగితంలోనే ఉండాలి. మధ్యలో దసరా సెలవులు వస్తే ముందే చూసుకుని జరపాలి. ఉద్యోగి సెలవు పెట్టిన రోజులకు గడువు పెంచాలి. వారం వారం శాతాలు చెప్పడంలో ఒక చిక్కుంది. వారానికి పది టికెట్లే కాబట్టి ఒక్కటి తప్పినా పది శాతం పడిపోతుంది. అందుకే శుక్రవారం కూర్చున్నప్పుడు మార్కులు వేయకుండా ఆలస్యమైన టికెట్లను తెరిచి ఎక్కడ ఆగిందో చూడాలి. తీర్పు 30వ రోజున, 60వ రోజున మాత్రమే. మాట్లాడుకున్నది అదే రోజు నాలుగు వాక్యాల్లో మెయిల్ చేయాలి. ఉద్యోగి ఒప్పుకోకపోతే తన మాట దానికిందే రాసే వీలుండాలి. ప్లాన్ మీద సంతకం ‘అందింది’ అనడానికే, ‘ఒప్పుకున్నాను’ అనడానికి కాదని కూడా అచ్చులో ఉండాలి.

ఆ మెయిళ్లు ఉద్యోగికీ కంపెనీకీ ఇద్దరికీ పనికొస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది. ఆరు నెలలు ఆగకుండా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా తీసేయకూడదని, నెల ముందు రాతపూర్వక నోటీసు లేదా ఆ నెల జీతం ఇవ్వాలని అది చెబుతుంది. వ్యవహారం వాదన దాకా వస్తే మనసులో అనుకున్నవేవీ నిలబడవు. తేదీలున్న కాగితాలే నిలబడతాయి.

ప్లాన్ ఉత్తుత్తిదో కాదో బయటినుంచి కూడా కొంత పసిగట్టవచ్చు. ఏప్రిల్‌లో మంచి రేటింగు, బోనసు ఇచ్చి, మధ్యలో ఒక్క మాటా అనకుండా జూన్‌లో పిప్ ఇస్తే అనుమానించాల్సిందే. ప్లాన్ నడుస్తుండగానే ఆ మనిషి పనులు వేరేవాళ్లకి బదిలీ అవుతుంటే, సమీక్షలు వరసగా రద్దవుతుంటే నిర్ణయం ముందే జరిగిపోయిందని అర్థం. అలాంటప్పుడు అరవై రోజులు నలిపేకన్నా, ఎదురుగా కూర్చోబెట్టి ఇంత పరిహారంతో విడిపోదామని చెప్పడమే మర్యాద. దొంగ బిల్లులు, వేధింపులు వంటివి కూడా పిప్ పరిధిలోకి రావు. వాటికి విచారణ వేరే ఉంటుంది.

60వ రోజున ఏమేం జరగవచ్చో మొదటి రోజే రాయాలి. రెండు లక్ష్యాలూ అందితే ప్లాన్ ముగిసినట్టు. ఒకటి అంది రెండోది కొద్దిలో తప్పితే ఒక్కసారి మాత్రం 30 రోజుల పొడిగింపు. రెండూ తప్పితే ఉద్యోగం పోవచ్చు, ఆ మాటను డొంకతిరుగుడు లేకుండా రాయాలి. నెగ్గిన మనిషి గురించి మాత్రం చాలా ప్లాన్లలో ఒక్క ముక్కా ఉండదు. ఆ ఏడు బోనసు తగ్గుతుందా, వేరే టీమ్‌కి బదిలీ అడగాలంటే ఎన్ని నెలలు ఆగాలి, మళ్లీ అదే కారణంతో పిప్ పెట్టాలంటే ఎంత గడువుండాలి? ఈ మూడింటికి జవాబులు కూడా మొదటి రోజు కాగితంలోనే ఉండాలి.