ఉద్యోగం మానేశాను, గానుగ పెట్టాను

అనంతపురంలో ఒక ప్రైవేటు బ్యాంకులో పన్నెండేళ్లు పనిచేసిన మనిషి రాజీనామా చేసి, వేరుశనగ నూనె గానుగ పెడుతున్నాడనుకుందాం. ఆ సంగతి తెలిసినవాళ్లందరికీ చెప్పాలని ఇలా రాశాడు:

“పన్నెండేళ్ల సంకెళ్లు ఈరోజు తెంచుకున్నాను! భయపడేవాళ్లు జీతం కోసం బతుకుతారు, ధైర్యం ఉన్నవాళ్లు కల కోసం బతుకుతారు. ఇక వెనక్కి తిరిగి చూసేది లేదు. స్వచ్ఛమైన ఆరోగ్యాన్ని ప్రతి ఇంటికీ అందించడమే నా లక్ష్యం. మీ ఆశీస్సులు కావాలి.”

ఇలాంటి పోస్టులు చాలా చూస్తుంటాం. రాసినవాడి ఆవేశం నిజమే, నేను దాన్ని గౌరవిస్తాను. కానీ దీన్ని చదివేది ఎవరు? నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్న సహోద్యోగులు. మొదటి డబ్బా కొనాల్సింది వాళ్లే, వాళ్లనే పిరికివాళ్లను చేశాడు. రేపు వ్యాపార రుణం కోసం ఏ బ్యాంకు మెట్లెక్కినా, అక్కడి మేనేజరు కూడా జీతం మీద బతికే మనిషే. అత్తమామలు చదివితే “వెనక్కి చూసేది లేదు” అన్న మాట దగ్గరే ఆగిపోతారు. ఇంతా చేసి, అమ్మేది నూనె అని ఎక్కడా లేదు.

“స్వచ్ఛమైన ఆరోగ్యం” అనేది మరో చిక్కు. నూనె జబ్బులు తగ్గిస్తుందన్నట్టు రాస్తే తర్వాత ఇబ్బందే. ఆహార పదార్థాల ప్రకటనల్లో ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో 2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు పెట్టింది. ఆరోగ్యం గురించి ఏ మాట అన్నా దానికి ఆధారం చూపాలి. “కొలెస్ట్రాల్ లేని నూనె” అని గొప్పగా రాసుకోవడంలోనూ అర్థం లేదు. గింజల నూనె దేంట్లోనూ కొలెస్ట్రాల్ ఉండదు.

అందుకే తిరగరాసేటప్పుడు విశేషణాలన్నీ తీసేసి, ఆ చోట తాను లెక్కవేసుకున్న సంగతులు పెట్టాలి. గానుగలో వంద కిలోల వేరుశనగ పప్పు ఆడితే దాదాపు 40 కిలోల నూనె వస్తుంది. మిగిలిన చెక్క పశువుల దాణాకు పోతుంది. పెద్ద మిల్లుల్లో ఆ చెక్కలో మిగిలిన నూనెను కూడా ద్రావకాలతో లాగేస్తారు, అందువల్ల వాళ్ల ధర తక్కువ. ఈ ఒక్క లెక్క చెబితే గానుగ నూనె ఎందుకు ఖరీదో కొనేవాళ్లకు అర్థమవుతుంది, రాసినవాడికి పని తెలుసన్న నమ్మకమూ కలుగుతుంది.

తిరగరాసింది ఇది:

“పన్నెండేళ్లు చేసిన బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా చేశాను. అక్కడ డబ్బు లెక్క నేర్చుకున్నాను, మంచి స్నేహితులు దొరికారు. ఇప్పుడు అనంతపురంలో వేరుశనగ నూనె గానుగ మొదలుపెడుతున్నాను. కదిరి చుట్టుపక్కల రైతుల దగ్గరే కాయ కొంటాను. కిలో నూనెకు సుమారు రెండున్నర కిలోల పప్పు పడుతుంది, అందుకే బజారు ధర కన్నా ఎక్కువ ఉంటుంది. ఏడాది ఇంటి ఖర్చులు పక్కన పెట్టాకే ఈ పని మొదలుపెట్టాను. ఇల్లు, పొలం తాకట్టు పెట్టలేదు. రెండేళ్లు చూస్తాను. నిలబడకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటాను. భయం లేదని చెప్పను, కానీ ఈ పని చేయాలని చాలాకాలంగా ఉంది. వచ్చే నెల మొదటి వారం నుంచి లీటరు సీసాలు దొరుకుతాయి. వాడి చూసి, బాగాలేకపోతే నాకే చెప్పండి.”

ఇందులో ధైర్యం అన్న మాటే లేదు. అయినా “రెండేళ్లు చూస్తాను” అని నలుగురిలో చెప్పడానికి, “వెనక్కి చూడను” అనడానికన్నా ఎక్కువ గుండె కావాలి. గడువు పెట్టుకున్నవాడిని గడువు తీరాక ఎవరైనా అడగవచ్చు కదా.

అయితే ఈ వినయం హద్దు దాటకూడదు. “ఏదో ప్రయత్నిస్తున్నాను, ఏమవుతుందో చూడాలి” అన్న ధోరణిలో రాస్తే జాలిపడతారు తప్ప సీసా కొనరు. దాచుకున్న మొత్తం ఎంతో చెప్పనక్కర్లేదు. భార్య జీతంతో ఇల్లు గడుస్తుందని రాయాలనుకుంటే ముందు ఆవిడను అడగాలి, అది ఆవిడ సంగతి కూడా.

సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే, సంగతి బొత్తిగా తెలియని ఒకరికిచ్చి చదివించి, కాగితం తీసుకుని మూడు ప్రశ్నలు అడగాలి: ఏం అమ్ముతున్నాడు, ఎక్కడ, ఎప్పటినుంచి? ఒక్కదానికి తడబడినా మళ్లీ రాయాలి. మొదటి పోస్టు మీద ఈ మూడింటికీ జవాబు రాదు.

ఇక ఎప్పుడు పంపాలన్నది. రాజీనామా ఇచ్చిన రోజు కాదు. నోటీసు కాలం పూర్తయి, రిలీవింగ్ లెటర్ చేతికొచ్చి, రావలసిన బకాయిలు ఖాతాలో పడ్డాకే పంపాలి. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా చివరి పనిదినంతోనే ఆగిపోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందేమో ఉద్యోగంలో ఉండగానే కనుక్కుని దరఖాస్తు పెట్టుకోవాలి. నూనె అమ్మకానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు కూడా ఈలోపే చేయించాలి. పోస్టు చదివిన మొదటి మనిషి ఆ రోజే సీసా అడగవచ్చు.