డేటాబేస్ గెస్ట్‌కు ఎంత మెమరీ చాలు?

ఐదు కౌంటర్లున్న మందుల దుకాణం బిల్లింగ్ డేటాబేస్ ఒకటి ఉందనుకుందాం. పోస్ట్‌గ్రెస్ మీద నడుస్తుంది, డేటా 6 జీబీ. అది ఉండే వర్చువల్ మెషిన్, అంటే గెస్ట్, 16 జీబీ మెమరీ, 8 కోర్లున్న హోస్ట్‌ను మరో మూడు గెస్ట్‌లతో పంచుకుంటోంది. ఎందుకైనా మంచిదని దీనికి 8 జీబీ, 8 ప్రాసెసర్లు ఇచ్చేయాలనిపిస్తుంది. అసలు అవసరం అందులో సగానికి మించదు.

లెక్క మొదలుపెట్టాల్సింది మొత్తం డేటాతో కాదు, రోజూ వాడే భాగంతో. మూడేళ్ల కిందటి బిల్లును అడిగేవాళ్లు అరుదు. ఈ నెల బిల్లులు, స్టాకు పట్టిక, వాటి ఇండెక్సులు కలిపి 1 జీబీ దాకా ఉంటే, గెస్ట్‌కు 4 జీబీ సరిపోతుంది. అందులో నాలుగో వంతు, 1 జీబీ, `shared_buffers`కు కేటాయించాలి. ఏమీ మార్చకపోతే పోస్ట్‌గ్రెస్ తీసుకునేది 128 ఎంబీయే. అప్పుడు గెస్ట్‌కు ఎంత మెమరీ పెంచినా ఆ బఫర్ పెరగదు. మిగతా మెమరీని లినక్స్ ఫైళ్ల కాషేగా వాడుకుంటుంది కాబట్టి అదీ వృథా పోదు. అయితే ఈ గెస్ట్‌కు బెలూనింగ్ పెట్టకపోవడమే మంచిది. హోస్ట్ మెమరీని వెనక్కి లాగితే ముందు కాషే కరుగుతుంది, ఆ తర్వాత స్వాప్ మొదలవుతుంది.

ప్రాసెసర్లు రెండు చాలు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్. ఐదు కౌంటర్లూ ఒకే క్షణాన బిల్లు కొట్టడం అరుదు, కొట్టినా పని మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ప్రతి గెస్ట్‌కూ 8 చొప్పున ఇచ్చుకుంటూ పోతే, అన్నీ బిజీ అయినప్పుడు కోర్ల కోసం క్యూ కడతాయి. రద్దీ వేళ గెస్ట్‌లో ఇలా చూడవచ్చు:

```
vmstat 5
```

`st` పెరిగితే హోస్ట్ కోర్లు చాలడం లేదు. `si`, `so` సున్నా దాటి కదులుతుంటే గెస్ట్‌కు మెమరీ తక్కువైంది. `wa` ఎక్కువైతే డిస్క్ వెనకబడింది. అప్పుడు ప్రాసెసర్లు పెంచితే ఒరిగేదేమీ లేదు.

డిస్క్ విషయంలో పెంచడం తేలిక, తగ్గించడం కష్టం. అందుకే 40 జీబీతో, థిన్ పద్ధతిలో మొదలుపెట్టాలి: హోస్ట్‌లో రాసినంతే ఖర్చవుతుంది. లాగ్‌లకూ, `VACUUM FULL` నడిపినప్పుడు పట్టికకు తయారయ్యే కొత్త కాపీకీ ఇందులో చోటుంటుంది. బ్యాకప్‌లను మాత్రం వేరే చోట ఉంచాలి. గెస్ట్‌లో చెరిపేసిన చోటు హోస్ట్‌కు తిరిగి రావాలంటే వర్చువల్ డిస్క్‌కు `discard` పెట్టి, గెస్ట్‌లో `fstrim` నడపాలి.

థిన్‌లో ప్రమాదం హోస్ట్ వైపు నుంచి వస్తుంది. గెస్ట్‌లో `df` సగం ఖాళీ చూపిస్తుండగానే హోస్ట్ స్టోరేజీ నిండిపోవచ్చు. అలా నిండినప్పుడు కేవీఎం సాధారణంగా గెస్ట్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది, కౌంటర్లన్నీ నిలిచిపోతాయి. కాబట్టి హోస్ట్‌లో ఎల్‌వీఎం థిన్ పూల్ ఉంటే `lvs` చూపించే `Data%` 80 దాటగానే హెచ్చరిక వచ్చేలా అమర్చుకోవాలి.