మామా, ఏం చేయమంటావు?

రాయచోటి, రాజంపేట చుట్టుపక్కల పల్లెల్లో కువైట్‌లో మనిషి లేని వీధి అరుదు. అందుకే అక్కడి కుర్రాళ్లకు ఏ ఆలోచన వచ్చినా, అది ముందు వాట్సాప్‌లో మేనమామకో చిన్నాయనకో చేరుతుంది. అలాంటి మెసేజ్ ఎలా ఉంటుందో చూడడానికి ఒక నమూనా తీసుకుందాం.

“మామా, బాగుండావా? నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయిపోయినాక రెండేండ్లు కడపలో మోటార్ల షాపులో చేసినా. ఇప్పుడు ఇంటికాడనే ఉండా. మనకు రెండెకరాలు. ఒక ఎకరా మెట్ట, చెనిక్కాయ ఏస్తాం. ఇంకో ఎకరాకు బోరుండాది. చేతిలో రెండు లక్షల ఎనభై వేలుండాది. అందరూ పొట్టేళ్లు పెంచితే లాభం అంటాండారు. యాభై పిల్లలు తెస్తామనుకుంటాండా. నువ్వు రెండు లక్షలు సర్దితే చాలు. లేకుంటే రెండు ముర్రా బర్రెలు తెమ్మంటావా, నాటుకోళ్లా? నువ్వే చెప్పు మామా.”

మామ డబ్బు పంపే ముందు ఈ మెసేజ్‌ను రెండుసార్లు చదవాలి. అల్లుడు తన దగ్గర ఉన్నవన్నీ రాశాడు కానీ, వాటిలో ఏది ఎంత పనికొస్తుందో రాయలేదు. బోరుందన్నాడు, మే నెలలో అది ఎంత పోస్తుందో చెప్పలేదు. యాభై పిల్లలన్నాడు, వాటికి గడ్డి ఎక్కడిదో చెప్పలేదు. చేతిలో ఉన్న మోటార్ల పనిని పాత సంగతిలా ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

బర్రెల సంగతి, కోళ్ల సంగతి త్వరగా తేలిపోతాయి. మంచి పాల ముర్రా బర్రె లక్ష పైమాటే. రెండు కొంటే అతని పొదుపు దాదాపు అక్కడే ఆగిపోతుంది. ఏడాదిలో ఒక్కో బర్రె కొన్ని నెలలు వట్టిపోతుంది, ఆ నెలల్లో కూడా మేత తింటుంది. నాటుకోళ్లకు పెట్టుబడి తక్కువే కానీ, టీకా తప్పితే కొక్కెర తెగులు ఒక్క వారంలో మందనంతా తుడిచేస్తుంది. పొట్టేళ్ల ఆలోచన చెడ్డది కాదు. మూడు నాలుగు నెలల మగ పిల్లలను కొని, నాలుగు నెలలు కట్టి మేపి అమ్మడం ఆ సీమకు కొత్తేమీ కాదు. నెల్లూరు జోడిపి రకం అక్కడ బాగా దొరుకుతుంది. తేల్చుకోవలసింది ఎన్నింటితో మొదలుపెట్టాలన్నదే.

ఇరవై పిల్లలకు లెక్క వేద్దాం. ఈ ధరలు లెక్క కోసం తీసుకున్నవే, ఎవరి సంత ధర వాళ్లు వేసుకోవాలి. 13 కిలోల పిల్ల 6,000 రూపాయలు. రోజుకు 300 గ్రాముల దాణా చొప్పున 120 రోజులకు 36 కిలోలు, అంటే సుమారు 1,000 రూపాయలు. ఎండు చెనిక్కాయ కట్టెకు 300, టీకాలకూ నట్టల మందుకూ 250. పచ్చగడ్డి సొంతది కాబట్టి దానికి పైసా వేయలేదు. మొత్తం మీద పిల్లకు 7,550, ఇరవైకి 1,51,000.

పిల్ల రోజుకు 110 గ్రాములు పెరిగితే నాలుగు నెలలకు 26 కిలోలు తూగుతుంది. బతికున్న బరువు కిలో 400 చొప్పున అమ్మితే 10,400 వస్తుంది. ఇరవైలో ఒకటి చచ్చినా, మిగిలిన పందొమ్మిదికి 1,97,600. ఖర్చు పోగా 46,600 మిగులుతుంది. అతని కష్టానికి, వాళ్లమ్మ కష్టానికి కలిపి నాలుగు నెలల కూలి అది.

ఇప్పుడు ఈ లెక్కలో ఒక్కో అంకె కదిలిద్దాం. పెరుగుదల 110 నుంచి 70 గ్రాములకు పడితే పిల్ల 21 కిలోల పైచిలుకు దగ్గరే ఆగుతుంది, లాభం 11 వేల చిల్లరకు దిగుతుంది. పెరుగుదల బాగానే ఉండి, పచ్చగడ్డి మాత్రం కొనాల్సి వస్తే? రోజుకు మూడు కిలోలు, కిలో మూడు రూపాయలనుకుంటే పిల్లకు 1,080, ఇరవైకి 21,600. లాభంలో దాదాపు సగం గడ్డికే పోయింది. ఈ రెండూ కలిసి వస్తే చేతినుంచి పెట్టుకోవాలి. అదే యాభై పిల్లలైతే కొనడానికే మూడు లక్షలు, మేపడానికి ఇంకో 77 వేలు. నష్టం వస్తే అందులో మామ డబ్బు కూడా ఉంటుంది.

అందుకే మొదట చూడాల్సింది సంతను కాదు, బోరును. రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి, అది ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడాలి. ఆ పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో చేయాలి, వానాకాలంలో ఏ బోరైనా బాగానే పోస్తుంది. నాలుగు నిమిషాల్లో నిండితే గంటకు మూడు వేల లీటర్లు. పావెకరం గడ్డికి నడి వేసవిలో రోజుకు సుమారు ఎనిమిది వేల లీటర్లు కావాలి. అంటే మూడు గంటలు మోటారు ఆడితే చాలు. డ్రమ్ముకు పదిహేను నిమిషాలు పడితే ఈ వేసవికి పొట్టేళ్ల మాట మానుకోవడమే మంచిది.

ఇరవై పిల్లలకు రోజుకు 60 కిలోల పచ్చగడ్డి కావాలి. ఆ పావెకరంలో సగానికి పైగా హైబ్రిడ్ నేపియర్ నాటి, మిగిలిన చోట దశరథ గడ్డి వేసి, గట్ల మీద అవిసె, సుబాబుల్ పెట్టుకోవాలి. నేపియర్ రాశి ఇస్తుంది కానీ అందులో మాంసకృత్తులు తక్కువ. దశరథ గడ్డి, అవిసె ఆ లోటు పూడుస్తాయి. ఒట్టి నేపియర్ మీద పెంచినవాళ్లకు కడుపు నిండిన పిల్ల కనిపిస్తుంది, కాటాలో మాత్రం బరువు కనిపించదు. నాటిన నేపియర్ మొదటి కోతకు 70, 75 రోజులు పడుతుంది, ఆ తర్వాత నలభై, నలభై అయిదు రోజులకు ఒక కోత. చాలామంది తప్పు ఇక్కడే జరుగుతుంది. పిల్లలు ముందొస్తాయి, గడ్డి తర్వాత నాటుతారు. మధ్యలోని రెండున్నర నెలలు కొన్న మేతతో గడుస్తాయి.

రెండో ప్రమాదం సంతలోనే మొదలవుతుంది. నాలుగైదు ఊళ్ల మందల నుంచి వచ్చిన పిల్లలు ఒకే లారీలో వస్తాయి. ఒకదానికి పారుడు రోగం ఉంటే పది రోజుల్లో కొట్టమంతా అంటుకుంటుంది. జ్వరం, కళ్లూ ముక్కూ కారడం, నోట్లో పుండ్లు, ఆపైన విరేచనాలు దాని గుర్తులు. కాబట్టి వీలైతే ఒకే కాపరి మందలోంచి కొనాలి. తెచ్చిన పిల్లలను మూడు వారాలు విడిగా కట్టి, పశువుల డాక్టరుతో టీకాలు వేయించాలి. పారుడుకు ఒక టీకా దాదాపు మూడేళ్లు కాస్తుంది. చిటుక రోగానికి మాత్రం తొలకరికి ముందే టీకా పడాలి, మొదటిసారి వేసేటప్పుడు రెండు వారాల ఎడంతో రెండు సార్లు. ఈ చిటుక రోగం బక్కవాటిని వదిలి బాగా తిన్న, బలిసిన పిల్లనే పట్టుకుంటుంది. రాత్రి బాగున్నది తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. తొలకరి లేతగడ్డి, ఒక్కసారిగా పెంచిన దాణా దానికి దారి. దాణా యాభై గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలు తీసుకుని మూడు వందలకు చేర్చాలి.

చావును అందరూ చూస్తారు. పెరగకపోవడాన్ని ఎవరూ చూడరు, దానికి కాటా కావాలి. పదిహేను రోజులకోసారి ప్రతి పిల్లనూ తూచి పుస్తకంలో రాసుకోవాలి. ఒకటిన్నర కిలో పెరిగితే దారి సరిగ్గానే ఉంది. కిలోకు తక్కువైతే పేడ పట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయి నట్టల పరీక్ష చేయించాలి. దవడ కింద నీరు దిగితే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆ కాటా అమ్మే రోజున ఇంకోసారి పనికొస్తుంది. బేరగాడు కంటితో చూసి ధర చెబుతాడు. ఇరవై ఆరు కిలోలని పుస్తకం చూపించగలిగినవాడి మాటకు బేరంలో బలం ఉంటుంది.

సబ్సిడీ వస్తుంది కదా అని ఎవరో ఒకరు అంటారు. 2021లో మార్చిన జాతీయ పశుధన మిషన్‌లో గొర్రెల యూనిట్లకు పెట్టుబడిలో సగం సబ్సిడీ ఉన్న మాట నిజమే. కానీ అది పిల్లల ఉత్పత్తి కోసం పెట్టే మందలకు, కనీసం వంద ఆడ గొర్రెలు, అయిదు పొట్టేళ్లు ఉన్నవాటికి. ఇరవై పొట్టేళ్లు మేపుకునేవాడికి అది వర్తించదు. సబ్సిడీ కోసం ఇరవైని నూటఅయిదు చేయడం అనుభవం లేనివాడు చేయకూడని పని.

ఇక మెసేజ్‌లో ఒక్క వాక్యంతో తేల్చేసిన పనికి వద్దాం. ఆ సీమంతా బోర్ల మీద బతుకుతుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు నీళ్లు దిగిపోయి, వోల్టేజి తగ్గి, ఒక ఫేజు పోయి మోటార్లు కాలుతుంటాయి. కాలిన మోటారును బోరులోంచి తీసి, టౌనుకు మోసి, వైండింగ్ చేయించి తెచ్చి దించేసరికి పంట వాడిపోతుంది. ఊళ్లోనే ఆ పని తెలిసిన మనిషి ఉంటే రైతు అతన్నే పిలుస్తాడు. దానికి చచ్చిపోయే సరుకు లేదు, నాలుగు నెలలు ఆగాల్సిన పని లేదు, పని అయిన రోజే డబ్బు. లోటు ఒకటుంది. వానలు పడ్డాక పని పలుచబడుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి పొట్టేళ్లు సరిపోతాయి. వాటికి పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పని, మధ్యాహ్నం అమ్మ చూసుకుంటుంది.

అతని 2,80,000 అప్పుడిలా సర్దుకుంటుంది. పిల్లలకూ మేపుకూ 1,51,000. తలకు పది చదరపు అడుగుల చొప్పున, ఉన్న కర్రలూ పాత రేకులతో కొట్టానికి 40 వేలు. గడ్డి నాటడానికి 10 వేలు. వైండింగ్ మిషను, మెగ్గర్, క్లాంప్ మీటర్, మోటారు పైకి లాగే చైన్ పుల్లీకి 40 వేలు. మిగిలిన 39 వేలు కదిలించకూడదు, అవి చెడ్డ నెలకు. మామ రెండు లక్షల అవసరమే రాలేదు. రేపు పంపినా, మేనమామ చట్టం చెప్పే బంధువుల్లో ఉన్నాడు కాబట్టి కానుకగా ఇచ్చిన డబ్బు మీద అల్లుడికి ఆదాయపన్ను పడదు. అది కానుకో, అప్పో మాత్రం ముందే రాసుకోవాలి. రాసుకోని డబ్బు గురించి పెళ్లిళ్లలో గొడవలవుతాయి.

మామ అల్లుడికి రాయాల్సిన జవాబు ఇంతే: “డబ్బు అట్లే పెట్టుకో అల్లుడూ. డ్రమ్ము పెట్టి బోరు చూసి, ఎన్ని నిమిషాలకు నిండిందో రాయి. బాగుంటే పావెకరం గడ్డి నాటు. మోటార్ల పని ఈ వారమే మొదలుపెట్టు. మొదటి కోత కోసినాక ఫోటో పెట్టు, ఆ రోజు పొట్టేళ్ల సంగతి మాట్లాడుకుందాం.”