బెలుం గుహలు తెర మీద డబ్బాలైనప్పుడు

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్న బెలుం గుహల గురించి ఎవరో తెలుగులో ఒక వెబ్ పేజీ తయారుచేశారనుకుందాం. గుహల పొడవు 3,229 మీటర్లని, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాసిపెట్టాడని, 2002లో జనానికి తెరిచారని, నంద్యాల నుంచి, ఆళ్లగడ్డ నుంచి ఎలా రావాలో అన్నీ అందులో పెట్టారు. తయారుచేసినవాళ్ల కంప్యూటర్లో పేజీ ముత్యాల్లాంటి అక్షరాలతో వచ్చింది. తీరా బయటికి వదిలాక ఒకరి తెర మీద వరసగా ఖాళీ డబ్బాలు కనిపించాయి. ఇంకొకరికి ఏ భాషో తెలియని గీతలూ సున్నాలూ వచ్చాయి. మూడోవారికి ప్రశ్నార్థకాలు తప్ప ఏమీ లేవు. ముగ్గురూ ఫోన్ చేసి చెప్పే మాట మాత్రం ఒక్కటే: "ఫాంటు రావట్లేదండీ."

ముగ్గురిలో ఆ మాట నిజమయ్యేది మొదటివారి విషయంలోనే. మిగతా ఇద్దరికీ ఎన్ని ఫాంట్లు వేసినా ఏమీ మారదు.

కంప్యూటర్ అక్షరాన్ని బొమ్మగా దాచుకోదు, అంకెగా దాచుకుంటుంది. యూనికోడ్ పట్టికలో తెలుగుకు 0C00 నుంచి 0C7F దాకా చోటిచ్చారు. బ 0C2C దగ్గర ఉంటుంది, దానికి పెట్టే ఎత్వం 0C46 దగ్గర ఉంటుంది. "బెలుం గుహలు" అన్నప్పుడు మన కంటికి ఐదక్షరాలే అయినా కంప్యూటర్ లెక్కలో బ, ఎత్వం, ల, కొమ్ము, సున్న ఒక మాటకు, గ, కొమ్ము, హ, ల, కొమ్ము రెండో మాటకు, మొత్తం పది సంకేతాలు. ఆ అంకెలు చూసి బొమ్మ గీసే పని ఫాంటుది. అంకెలు క్షేమంగా చేరి, బొమ్మ గీసే ఫాంటు ఆ పరికరంలో లేకపోతే వచ్చేవే డబ్బాలు. ఫాంటు తయారీలోనే "నా దగ్గర లేని అక్షరానికి ఇది గీయి" అని ఒక ఖాళీ పెట్టె పెట్టి ఉంచుతారు. ఫైర్‌ఫాక్స్ ఇంకాస్త సాయం చేసి ఆ పెట్టెలోనే 0C2C అని సంకేతం రాసి చూపిస్తుంది.

కాబట్టి డబ్బాలు కనిపిస్తే కంగారు అక్కర్లేదు. ఆ డబ్బాల వరసను కాపీ చేసి తెలుగు వచ్చే ఇంకో ఫోన్‌కు పంపిస్తే అక్కడ తెలుగే కనిపిస్తుంది. వైద్యం కూడా తేలిక: ఫాంటును పేజీతో పాటే పంపాలి. వెబ్ ఫాంట్ అంటే ఇదే.

```css
@font-face {
  font-family: "Ramabhadra";
  src: url("/fonts/Ramabhadra.woff2") format("woff2");
}
body {
  font-family: "Ramabhadra", "Noto Sans Telugu", "Nirmala UI", sans-serif;
}
```

మొదటి ఫాంటు అందకపోతే బ్రౌజరు రెండోదాని కోసం, తర్వాత మూడోదాని కోసం చూస్తుంది. ఏదీ దొరక్కపోతే పరికరంలో తెలుగు తెలిసిన ఫాంటు ఇంకేదైనా ఉందేమోనని వెతుకుతుంది. ఈ ఓపిక వల్లే ఒక చిక్కు కూడా వస్తుంది. ఫాంటు ఫైలు పేరులో ఒక అక్షరం తప్పు పడినా, వేరే సర్వరులో ఉన్న ఫాంటును వాడుకోడానికి ఆ సర్వరు అనుమతి ఇవ్వకపోయినా, తయారుచేసినవాళ్ల తెర మీద పేజీ బాగానే ఉంటుంది. ఎందుకంటే విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి గౌతమి ఫాంటు, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ, 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 నుంచి ఫోన్లలో తెలుగు ఉంటూనే ఉన్నాయి. లోటు బయటపడేది తెలుగు బొత్తిగా లేని యంత్రం మీదే. అందుకే "నా ఫోన్‌లో బాగానే వస్తోంది" అన్నది సాక్ష్యం కిందికి రాదు. బ్రౌజరులో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అన్న చోట ఫాంటు ఫైలు నిజంగా దిగిందా, 404 వచ్చిందా చూసుకోవాలి.

ఇప్పుడు తెలుగు లేని ఫోన్ అరుదు కదా, మరి డబ్బాలు ఎక్కడ కనిపిస్తాయి? ఎక్కువగా సర్వరు తయారుచేసే పీడీఎఫ్ టికెట్లలో, రసీదుల్లో. అక్కడ బొమ్మ గీసేది మన ఫోన్ కాదు, ఎక్కడో ఉన్న లినక్స్ యంత్రం. అందులో తెలుగు ఫాంటు వేయాలన్న సంగతి ఎవరికీ తట్టి ఉండదు. ఇంకోచోట ఒకే ఒక్క అక్షరం డబ్బా అవుతుంది. ఈ ప్రాంతం పాత చరిత్ర రాస్తూ రేనాటి చోఴులు అని శాసనాల్లో ఉన్నట్టే రాశామనుకుందాం. మధ్యలో ఉన్న ఆ ఴ యూనికోడ్‌లోకి 2014లో వచ్చింది. అంతకు ముందు తయారైన ఫాంట్లకు ఆ అక్షరం తెలియదు. చుట్టూ తెలుగంతా సవ్యంగా ఉండి అదొక్కటే డబ్బాగా కనిపిస్తోందంటే ఎన్‌కోడింగ్‌ను అనుమానించక్కర్లేదు.

డబ్బాలూ కాక, పిచ్చి అక్షరాలూ కాక మధ్యరకం జబ్బు ఒకటుంది. ఆళ్లగడ్డ అన్నది ఆళ్‌లగడ్‌డ అని ఒత్తులు విడిపోయి కనిపిస్తుంది. బరువు తగ్గించాలని ఫాంటును కత్తిరించినవాళ్లు అక్షరాలు ఉంచి, ఒత్తులు కలిపే పట్టికలు కోసేస్తే ఇలా అవుతుంది. పూర్తి ఫాంటు తిరిగి పెట్టడమే దీనికి మందు.

ఇక రెండోవారి సంగతి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లుగా ప్రయాణిస్తుంది. "బెలుం" ఇలా ఉంటుంది:

```
బ E0 B0 AC
ె E0 B1 86
ల E0 B0 B2
ు E0 B1 81
ం E0 B0 82
```

ఇవి యూటీఎఫ్-8 బైట్లని పేజీ చెప్పాలి. చెప్పకపోయినా, తప్పు చెప్పినా బ్రౌజరు పశ్చిమ ఐరోపా భాషల కోసం చేసిన విండోస్-1252 పట్టిక తీసి, మూడేసి బైట్లను ఒక అక్షరంగా కాకుండా ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివేస్తుంది. తెర మీద తేలేది ఇది:

```
à°¬à±†à°²à±à°‚
```

ప్రతి రెండు మూడు గుర్తులకు ఒకసారి à వస్తోందంటే దాన్నిబట్టే రోగం పోల్చుకోవచ్చు. తెలుగు సంకేతాలన్నీ E0తోనే మొదలవుతాయి, ఆ పట్టికలో E0 అంటే à. తర్వాతిది ° గానీ ± గానీ అయి ఉంటుంది. ఇది ఫాంటు లోపం కానే కాదు. పేజీ మొదట్లో, తొలి 1024 బైట్ల లోపల, ఈ ఒక్క ముక్క ఉండాలి:

```html
<meta charset="utf-8">
```

ఇది పెట్టినా పిచ్చి అక్షరాలే వస్తుంటే సర్వరును చూడాలి. పేజీతో పాటు సర్వరు పంపే `Content-Type` లో వేరే పేరు ఉంటే, బ్రౌజరు పేజీలో రాసినదాన్ని పక్కనపెట్టి సర్వరు మాటే వింటుంది. చాలామంది పేజీని పదిసార్లు మార్చి విసిగిపోయేది ఇక్కడే.

ఇదే బాధకు ఇంకో పాత రూపం ఉంది. యూనికోడ్ వాడుక పెరగకముందు ఈనాడు, వార్త లాంటి పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ తమ సొంత ఫాంటుతో నడిచేవి. లోపల దాచిందంతా ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే, పైన తెలుగు బొమ్మ గీసే ఫాంటు మాత్రమే తొడిగేవారు. ఫాంటు లేకపోతే చదువరికి ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం కనిపించేది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి నాగార్జున వెన్న "పద్మ" అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత రాశారు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన కరపత్రాలను తెచ్చి వెబ్‌సైటులో అతికిస్తే ఇప్పటికీ అదే జరుగుతుంది. వాటికి charset సరిచేయడం పనికిరాదు, ఆ ఫాంటుకు తగిన కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చాల్సిందే.

మూడోవారికి వచ్చిన ప్రశ్నార్థకాలే అసలు నష్టం.

```
????? ?????
```

ఐదూ ఐదూ పది, మనం పైన లెక్కేసిన సంకేతాలన్ని. డేటాబేస్ పట్టిక latin1లో ఉండగా తెలుగు రాస్తే, తన దగ్గర చోటులేని ప్రతి సంకేతం బదులూ అది ఒక ? రాసుకునే అవకాశం ఉంది. మైఎస్‌క్యూఎల్ 2018లో 8.0 వచ్చేదాకా మనం అడగకపోతే latin1నే వాడేది, ఆ తర్వాతే utf8mb4కు మారింది. ఆ ప్రశ్నార్థకాల వెనక ఇంకేమీ లేదు. పాత బ్యాకప్ ఉంటే తెచ్చుకోవాలి, లేకపోతే మళ్లీ టైపు చేసుకోవాలి.

పిచ్చి అక్షరాలకు మాత్రం వెనక్కి దారి ఉంది. వాటిని విండోస్-1252 ప్రకారం బైట్లుగా మార్చి, ఆ బైట్లను యూటీఎఫ్-8గా చదివితే తెలుగు తిరిగి రావాలి. పైథాన్‌లో ఒక్క వరుస:

```python
text.encode("cp1252").decode("utf-8")
```

తెలుగు దగ్గర ఇది తరచూ మొరాయిస్తుంది. విండోస్-1252 పట్టికలో 81, 8D, 8F, 90, 9D అనే ఐదు గళ్లు ఖాళీ. మన ఖర్మకొద్దీ కొమ్ము చివరి బైటు 81, పొల్లు చివరి బైటు 8D. కొమ్మూ పొల్లూ లేకుండా తెలుగులో నాలుగు మాటలు నడవవు. ఒత్తు రావాలన్నా లోపల పొల్లు ఉండాలి. పైన à±à అని రెండు à లు దగ్గరపడిన చోట నిజానికి ఒక కనిపించని 81 ఉంది. అది కంటికి కనిపించకపోయినా పాఠంలో మిగిలి ఉంటే, ఈ ఖాళీ గళ్లను కూడా దాటించే వెసులుబాటున్న ftfy అనే పైథాన్ లైబ్రరీ దాన్ని బాగుచేస్తుంది. కాపీ చేసి అతికించేటప్పుడో, "పనికిరాని గుర్తులు" తుడిచే ఏదో ప్రోగ్రాములోనో అది రాలిపోయి ఉంటే ఆ అక్షరానికి రెండు బైట్లే మిగులుతాయి.

అప్పుడు కూడా పూర్తిగా చేతులెత్తేయక్కర్లేదు. మిగిలిన రెండు బైట్లు E0 B1 అయితే పోయింది దాదాపు ఎప్పుడూ కొమ్మో పొల్లో. బెలుంలో ల తర్వాత పోయింది, దాని వెనక సున్న ఉంది, పొల్లు మీద సున్న రాదు కాబట్టి కొమ్మే. నంద్యాలలో ద తర్వాత పోయింది పొల్లు అని ఎవరైనా చెబుతారు. మిగిలినవి E0 B0 అయితే అరసున్న, ఏ, ఐ, ఝ, ఈ నాలుగింట్లో ఒకటి. మాట మధ్యలో ఏ, ఐ రావడం తక్కువ కాబట్టి అక్కడా వెతుకులాట చిన్నదే. ఇబ్బంది పెట్టేవి ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు. ఆళ్లగడ్డలో రెండుచోట్ల బైట్లు పోతే ఆళులగడుడ, ఆళ్లగడుడ, ఆళులగడ్డ, ఆళ్లగడ్డ అని నాలుగు రూపాలు వస్తాయి. ఏది సరైనదో ప్రోగ్రాము తేల్చలేదు. ఆ జాబితాను ఆ ప్రాంతం తెలిసినవారి ముందు పెట్టి ఒక్కో పేరూ దిద్దించుకోవాలి. అంతకన్నా ముందు, చెడిపోయిన ఫైలు నకలు ఒకటి ముట్టుకోకుండా పక్కన పెట్టుకోవాలి. దిద్దబోయి దాన్ని ఇంకోసారి తప్పు పట్టికతో సేవ్ చేస్తే ప్రతి à కూడా రెండు బైట్లై, రెండు పొరల గజిబిజి తయారవుతుంది.